కన్ను కొలిచి పెట్టండి: పోస్టర్ మీద క్యూఆర్ కోడ్ ఎంత ఉండాలి, ఎక్కడ ఉండాలి

"ఏమప్పా, ఆ కోడు ఎవురి ఫోన్లోనూ పట్టడం ల్యాదంటనే!" అని పీఈటీ సార్ ఫోన్ చేసేసరికి రెండు వందల పోస్టర్లూ కర్నూలు గోడలెక్కేశాయి. పిల్లల చెస్ పోటీకి ఏ3 పోస్టర్. డిజైన్ నాదే. పేర్లు నమోదు చేసుకోవడానికి గూగుల్ ఫారం, దానికొక క్యూఆర్ కోడ్. నా కంప్యూటర్ తెర మీద ఒక్క క్షణంలో స్కాన్ అయింది కాబట్టి ప్రింటుకు పంపేశాను.

సాయంత్రం బండేసుకుని రాజ్ విహార్ సెంటర్ వైపు వెళ్లి ఒక నోటీసు బోర్డు ముందు నిలబడి నా ఫోన్ తీశాను. పట్టలేదు. ఒక అడుగు ముందుకేశాను, పట్టలేదు. ఫోన్‌ను జానెడు దూరానికి తీసుకెళ్తే కోడ్ మీద నా చేతి నీడే పడింది. అప్పుడు చేసిన తప్పులు మూడు: కోడ్ చిన్నది, చుట్టూ ఖాళీ లేదు, వెనక ముదురు మెరూన్ రంగు. మూడింటినీ సరిచేయడానికి ఒకే కొలత చాలు. అదెలాగో వరసగా చెబుతాను.

ముందు కోడ్‌ను ఒకసారి పరిశీలించండి

ఏ క్యూఆర్ కోడ్‌లోనైనా మూడు మూలల్లో మూడు పెద్ద చదరాలు ఉంటాయి. నల్ల చట్రం, లోపల తెల్ల చట్రం, మధ్యలో నల్ల చదరం. వీటిని నేను కన్ను అంటాను. కోడ్ అంతా నలుపు తెలుపు గడులతో కట్టిందే. మీరు పెట్టే లింకు ఎంత పొడవైతే గడులు అన్ని ఎక్కువ. అతి చిన్న కోడ్‌లో వరసకు 21 గడులు, అతి పెద్దదానిలో 177. కానీ కోడ్ చిన్నదైనా పెద్దదైనా కన్ను వెడల్పు మాత్రం ఎప్పుడూ 7 గడులే.

ఇది గుర్తుంటే స్కేలు ఒక్కటి చాలు. కన్ను వెడల్పు కొలిచి 7తో భాగిస్తే ఒక గడి ఎంతో వస్తుంది. మొత్తం కోడ్ వెడల్పును ఆ గడితో భాగిస్తే వరసకు ఎన్ని గడులో తెలుస్తుంది. నా చెస్ పోస్టర్ మీద కోడ్ 3.5 సెంటీమీటర్లు, కన్ను 5.4 మిల్లీమీటర్లు. అంటే గడి 0.78 మి.మీ., వరసకు 45 గడులు. బాల్‌పెన్ను గీసిన గీత కంటే కాస్త మందం, అంతే. దాన్ని రెండడుగుల దూరం నుంచి ఫోన్ విడివిడిగా చూడాలని నేను ఆశపడ్డాను.

1. లింకును కురచ చేయండి

కోడ్‌ను పెద్దది చేయడం కంటే ముందు గడులు తగ్గించడం చవక. గూగుల్ ఫారం పూర్తి లింకు సుమారు 110 అక్షరాలు ఉంటుంది. కింద చెప్పే M స్థాయిలో అది వరసకు 45 గడుల కోడ్ అవుతుంది. ఫారం లింకు కాపీ చేసుకునే చోట `Shorten URL` అనే టిక్కు ఉంటుంది. అది పెడితే `https://forms.gle/` అని మొదలయ్యే 35 అక్షరాల లింకు వస్తుంది. దానికి 29 గడులు చాలు. అదే 3.5 సెంటీమీటర్లలో 45 బదులు 29 గడులే పడితే ఒక్కో గడి ఒకటిన్నర రెట్లు పెద్దదవుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

కోడ్ తయారుచేసేటప్పుడు ఎర్రర్ కరెక్షన్ అని నాలుగు స్థాయిలు అడుగుతుంది: L, M, Q, H. కోడ్ కొంత చెరిగినా చదవగలిగేలా అదనపు గడులు వేసే ఏర్పాటిది. L అయితే సుమారు 7 శాతం, M 15, Q 25, H 30 శాతం వరకు నష్టం తట్టుకుంటుంది. ఎక్కువ పెడితే మంచిదే కదా అని H పెట్టేవాళ్లున్నారు. పై 35 అక్షరాల లింకుకే H పెడితే 29 కాస్తా 37 గడులవుతుంది. గోడ మీద కోడ్ చదవకపోవడానికి నేను చూసినంతలో చిరుగుల కంటే చిన్న గడులే ఎక్కువసార్లు కారణం. కాబట్టి M చాలు. మధ్యలో లోగో పెట్టాలంటేనే H. నన్నడిగితే లోగో పోస్టర్ పైన ఎలాగూ ఉంటుంది, కోడ్ కడుపులో ఇంకొకటి ఎందుకు?

ఉచితంగా కోడ్ ఇస్తామనే వెబ్‌సైట్లలో కొన్ని మీ లింకు కాకుండా తమ లింకునే కోడ్‌లో పెడతాయి. ట్రయల్ గడువు తీరాక అది పనిచేయదు. స్కాన్ చేయగానే తెర మీద కనిపించే అడ్రస్ మీదేనా అని ఒకసారి చూసుకోండి.

2. మనిషి ఎక్కడ నిలబడతాడో కొలవండి

పోస్టర్ సైజు చూసి కోడ్ సైజు నిర్ణయించడం అందరం చేసే పొరపాటు. కోడ్‌కు పోస్టర్ ఎంత పెద్దదో అనవసరం, ఫోన్ ఎంత దూరంలో ఉందన్నదే కావాలి. 1994లో జపాన్‌లో డెన్సో వేవ్ వాళ్లు దీన్ని కార్ల విడిభాగాల లెక్క కోసం తయారుచేశారు. అక్కడ స్కానర్‌ను చేత్తో పట్టుకుని వస్తువు దగ్గరికే తీసుకెళ్తారు. పోస్టర్ దగ్గరికి మనిషి అలా రాలేకపోవచ్చు.

అందుకే టేపు పట్టుకుని వెళ్లండి. కాలేజీ నోటీసు బోర్డు ముందు మనిషి సాధారణంగా రెండడుగుల దూరంలో, అంటే 60 సెంటీమీటర్లలో ఫోన్ పట్టుకుంటాడు. బస్టాండు గోడకైతే ముందు మురుగు కాలువ, దాని పక్కన వరసగా బైకులు. మీటరున్నర కంటే దగ్గరికి వెళ్లలేరు. రోడ్డు పక్కన కట్టిన ఫ్లెక్సీకి నాలుగు మీటర్లు.

3. దూరాన్ని బట్టి కన్ను సైజు

కోడ్ వెడల్పు దూరంలో పదో వంతు ఉండాలని ఒక మోటు లెక్క చెబుతుంటారు. అది 25 గడుల కోడ్‌కు సరిపోతుంది. గడులు పెరిగితే ఆ లెక్క తప్పుతుంది, నాకు తప్పినట్టే. దాన్నే కన్ను లెక్కలోకి మారిస్తే గడులెన్ని ఉన్నా ఇబ్బంది లేదు: మీటరు దూరానికి కన్ను 2.8 సెంటీమీటర్లు. అరమీటరుకు 1.4, రెండు మీటర్లకు 5.6. ఇంతకంటే కాస్త చిన్నదైనా కొత్త ఫోన్లు చదువుతాయి. కానీ మీ పోస్టర్ ముందు నిలబడేవాళ్లలో కెమెరా అద్దం గీతలు పడిన పాత ఫోన్లవాళ్లూ ఉంటారు.

ఈ లెక్కతో నా పాత పోస్టర్‌ను చూడండి. కన్ను 5.4 మి.మీ. కాబట్టి అది నిమ్మళంగా చదివే దూరం 19 సెంటీమీటర్లు. జానెడు! అంత దగ్గరలో కొన్ని ఫోన్లకు ఫోకస్ తంటా, పైగా ఫోన్ నీడ. నేను బోర్డు ముందు పడ్డ పాట్లన్నీ ఈ ఒక్క అంకెలో ఉన్నాయి.

ఇప్పుడు సరైనది కట్టుకుందాం. నోటీసు బోర్డు, 60 సెంటీమీటర్ల దూరం. కన్ను 1.7 సెం.మీ. కావాలి. గడి దాదాపు 2.4 మి.మీ. వరసకు 29 గడులు కాబట్టి కోడ్ 7 సెంటీమీటర్లు. పాత పొడవాటి లింకే ఉంచి ఉంటే ఇదే దూరానికి దాదాపు 11 సెంటీమీటర్లు అయ్యేది.

బస్టాండు గోడకు మీటరున్నర దూరం కాబట్టి కన్ను 4.2, కోడ్ పదిహేడున్నర సెంటీమీటర్లు. చుట్టూ ఖాళీతో కలిపి 22 దాటుతుంది. ఏ3 వెడల్పే 29.7. అంటే పోస్టర్‌లో కోడ్ తప్ప ఇంకేమీ మిగలదు. అలాంటి చోటికి ఏ3 అతికించడమే దండగ. పెద్ద సైజు వేయించండి, లేదా కోడ్ తీసేసి ఫోన్ నంబరు పెద్దక్షరాల్లో రాయండి.

ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఫ్లెక్సీని నాలుగు మీటర్ల నుంచి స్కాన్ చేయాలంటే కన్ను 11 సెంటీమీటర్ల పైమాటే. కోడ్ 46, ఖాళీతో 59 సెంటీమీటర్లు. దాదాపు రెండడుగులు. ఫ్లెక్సీ ఎత్తులో సగం. ఈ మాట చెబితే ఫొటోలు ఎక్కడ పెట్టాలని అడుగుతారు. ఫొటోలు ముఖ్యమో కోడ్ ముఖ్యమో వాళ్లనే తేల్చుకోమనండి.

4. చుట్టూ తెల్ల ఖాళీ: సగం కన్ను కంటే ఎక్కువ

కోడ్ చుట్టూ నాలుగు వైపులా 4 గడుల వెడల్పున ఏమీ లేని చోటు ఉండాలి. దీన్ని క్వైట్ జోన్ అంటారు. కన్ను 7 గడులు కదా, కాబట్టి అందులో సగానికి మించి కాస్త ఖాళీ అని కంటితోనే పోల్చుకోవచ్చు. మన 7 సెంటీమీటర్ల కోడ్‌కు ఇది ఒక్కో వైపు ఒక సెంటీమీటరు. మొత్తం 9 సెంటీమీటర్ల తెల్ల చదరం.

అందం కోసం వదిలిన అంచు కాదిది. ఫోన్ కోడ్‌ను వెతికేటప్పుడు చిత్రంలో ఒక ప్రత్యేకమైన వరస కోసం చూస్తుంది: నలుపు ఒక వంతు, తెలుపు ఒక వంతు, నలుపు మూడు వంతులు, తెలుపు ఒక వంతు, నలుపు ఒక వంతు. కన్ను మధ్యగా ఏ దిక్కున గీత గీసినా ఈ 1:1:3:1:1 లెక్కే వస్తుంది. అందుకే తలకిందులుగా చూపినా కోడ్ దొరుకుతుంది. ఇప్పుడు కన్ను బయటి నల్ల చట్రానికి ఆనుకుని ముదురు మెరూన్ ఉందనుకోండి. ఆ మొదటి ఒక వంతు నలుపు ఎక్కడ మొదలైందో ఫోన్‌కు తెలియదు. నలుపు, మెరూన్ కలిసి ఒకే పొడవాటి చీకటి ముక్క అవుతాయి. లెక్క చెడుతుంది, కన్ను కన్నుగా కనపడదు. కన్నే దొరకకపోతే మీరు పెట్టిన ఎర్రర్ కరెక్షన్ ఎంత ఉన్నా పని దానిదాకా రాదు.

తయారైన కోడ్‌కు తెల్ల అంచు దాదాపు ఎప్పుడూ ఉంటుంది. దాన్ని కత్తిరించేది డిజైనర్లమే. నేను కూడా మెరూన్ మీద తెల్ల పెట్టె బాగాలేదని కన్ను అంచుదాకా క్రాప్ చేశాను. మీరు ఆ పని చేయకండి. ఆ ఖాళీలోకి "ఇక్కడ స్కాన్ చేయండి" అనే అక్షరాలు గానీ, చుట్టూ పూల అంచు గానీ, పోస్టర్ కత్తిరించే గీత గానీ రాకూడదు. రాయాల్సింది ఖాళీకి బయట రాయండి. అన్నట్టు, కోడ్ కనపడగానే చాలామంది పేమెంట్ యాప్ తెరుస్తారు. "కెమెరా తెరిచి స్కాన్ చేయండి" అని రాస్తే ఆ గందరగోళం తప్పుతుంది.

5. రంగు: ఫోన్‌కు వెలుతురే తెలుసు

కోడ్ చదివే ప్రోగ్రాం సాధారణంగా రంగులను వదిలేసి చిత్రాన్ని నలుపు తెలుపుగా మార్చుకుంటుంది. కాబట్టి మన కంటికి ఎరుపు, ఆకుపచ్చ వేరువేరుగా కొట్టొచ్చినట్టు కనపడినా, ఫోన్‌కు రెండూ ఒకేలాంటి బూడిద రంగు కావచ్చు. తెలుపు మీద పసుపు గడులు పెడితే దాదాపు ఖాళీ కాగితమే. తెలుపు మీద నారింజ కూడా ఎండలో తేలిపోతుంది. ముదురు నీలం, ముదురు మెరూన్, ముదురు ఆకుపచ్చ గడులు తెల్లటి నేల మీద పనిచేస్తాయి. లేత పసుపు నేల మీద నలుపూ ఫరవాలేదు. నల్లటి నేల మీద తెల్ల గడులు, అంటే తిరగేసిన కోడ్, కొన్ని యాప్‌లు చదువుతాయి, కొన్ని చదవవు. ఎవరి ఫోన్‌లో ఏ యాప్ ఉందో మనకు తెలియనప్పుడు ఆ సాహసం వద్దు.

అనుమానముంటే డిజైన్‌ను ఫోన్‌లో ఫొటో తీసి, ఎడిట్‌లో నలుపు తెలుపు ఫిల్టర్ వేయండి. గడి, నేల రెండూ స్పష్టంగా విడిపోయి కనపడాలి. కళ్లు చికిలించాల్సి వస్తే ఆ రంగు వద్దు.

ప్రింటు దగ్గర ఒక చిన్న విషయం. గడులు నలుపు ఇంకు ఒక్కదానితోనే రావాలి, అంటే సీఎంవైకేలో కే మాత్రమే 100, మిగతావి సున్నా. నాలుగు ఇంకులూ కలిపిన చిక్కటి నలుపు పెడితే, ఆఫ్‌సెట్ ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా గడుల అంచుల్లో రంగు గీతలు వస్తాయి. పైగా ఎండకు పసుపు, మెజెంటా ఇంకులు ముందు వెలుస్తాయి, నలుపు ఎక్కువ రోజులు నిలుస్తుంది. మన వేసవికి ఇది గుర్తుపెట్టుకోవాల్సిందే.

మెరుపు లామినేషన్ కూడా కాంట్రాస్ట్‌ను మింగేస్తుంది. ఎండ తగిలినప్పుడు నల్ల గడి మీదే తెల్లటి మెరుపు పడుతుంది. మ్యాట్ లామినేషన్ చెప్పండి, లేదా అసలు లామినేషనే వద్దనండి.

6. ఎక్కడ పెట్టాలి

గోడ మీద కోడ్ నేల నుంచి 120 నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తులో, మనిషి ఛాతీకి, కంటికి మధ్యలో ఉంటే చేయి చాపగానే ఫోన్ దాని ఎదురుగా వస్తుంది. అతికించేవాళ్లు పోస్టర్‌ను చేయి అందినంత పైకి అంటిస్తారు. అందుకని ఏ3లో కోడ్‌ను కింది మూడో వంతులో పెట్టడం నాకు నచ్చుతుంది. కానీ మరీ కింది అంచుకు కాదు. పక్క పోస్టర్ వాళ్లు సగం మన మీదికి అంటిస్తారు, మూలలు లేస్తాయి, చింపేవాళ్లు మూల నుంచే మొదలుపెడతారు.

చెస్ పోస్టర్‌కు రెండోసారి వేసిన కొలత ఇది: తెల్ల చదరం కుడి అంచు నుంచి 2 సెంటీమీటర్లు, కింది అంచు నుంచి 3 సెంటీమీటర్లు లోపలికి. ఇలా పెడితే మడతలు కూడా తప్పించుకుంటుంది. ఏ3ని రెండుసార్లు మడిస్తే మడతలు సరిగ్గా నడిమధ్యన పడతాయి, 9 సెంటీమీటర్ల చదరం ఆ రెండింటికీ దూరంగా ఉంటుంది. మూడోసారి మడిస్తే మాత్రం మడత కోడ్ మీదుగానే పోతుంది. పంచేవాళ్లకు ఆ మాట చెప్పండి.

మైదా బంక ఎక్కువ పూస్తే కాగితం ముడతలు పడుతుంది. కోడ్ వెనక పలచగా పూసి అరచేత్తో సాపు చేయమనండి. గుండ్రటి స్తంభాలకు అంటించొద్దు. కోడ్ రెండు పక్కలూ వెనక్కి వంగిపోయి, పక్క గడులు సన్నబడతాయి. అద్దాల తలుపున్న నోటీసు బోర్డులో ట్యూబులైటు ఎక్కడ ప్రతిఫలిస్తుందో చూసి, అది పడని మూలలో గుచ్చండి. ఇనుప జాలీ ఉన్న బోర్డయితే ఫోన్ ఒక్కోసారి జాలీ మీదే ఫోకస్ చేస్తుంది. అక్కడ కోడ్ ఇంకాస్త పెద్దదైతే తప్ప పని జరగదు.

7. ఫైలు, పరీక్ష

కోడ్‌ను జేపీజీగా వాట్సాప్‌లో పంపి, దాన్ని సాగదీసి పోస్టర్‌లో పెడితే గడుల అంచులు మసకబారతాయి. ఎస్‌వీజీ లేదా పీడీఎఫ్ వాడండి, ఎంత పెంచినా అంచు పదునుగా ఉంటుంది. కోరల్‌డ్రా, ఇంక్‌స్కేప్ రెండింటిలోనూ కోడ్‌ను లోపలే తయారుచేసుకునే వీలుంది. లినక్స్ వాడేవాళ్లకు ఒక్క లైను చాలు. ఇందులో `-l M` ఎర్రర్ కరెక్షన్ స్థాయి, `-m 4` చుట్టూ నాలుగు గడుల ఖాళీ:

```
qrencode -t SVG -l M -m 4 -o chess.svg "మీ లింకు"
```

ప్రెస్సుకు పంపే ముందు ఆ 9 సెంటీమీటర్ల చదరాన్ని ఏ4 కాగితం మీద ప్రింటు తీయండి. ప్రింటు సెట్టింగులో `Fit to page` తీసేసి 100 శాతం పెట్టాలి, లేకపోతే సైజు మారిపోతుంది. స్కేలు పెట్టి కన్ను 1.7 సెంటీమీటర్లు వచ్చిందో లేదో చూడండి. దాన్ని గోడకు అంటించి, రెండడుగుల దూరంలో నిలబడి, ఇంట్లో ఉన్న అన్నిటికంటే పాత ఫోన్‌తో స్కాన్ చేయండి. ఒకటి రెండు సెకన్లలో, ముందుకీ వెనక్కీ జరగకుండా పట్టాలి. సాయంత్రం లైటు కింద మళ్లీ చూడండి.

పట్టకపోతే తప్పు ఎక్కడో కనుక్కోవడం తేలికే. దగ్గరికి వెళ్లగానే పడితే సైజు చాలలేదు. ఎంత దూరంలోనూ పట్టకపోతే, కోడ్ సైజున తెల్ల కాగితంలో కిటికీ కోసి కోడ్ చుట్టూ పెట్టి చూడండి. అప్పుడు పడితే ఖాళీ లోపించింది. అప్పటికీ పట్టకపోతే రంగో, మసక అంచులో, మెరుపో.

నా రెండు వందల పోస్టర్లను మళ్లీ వేయించే డబ్బు లేదు. తెల్ల అంచుతో సహా 9 సెంటీమీటర్ల కోడ్‌ను మెరుపు లేని స్టిక్కర్ షీట్ల మీద వేయించాను. ఏ4కి ఆరు చొప్పున 34 షీట్లు. ఆదివారం పొద్దున్నే పీఈటీ సార్, నేను బండి మీద ఒక్కో బోర్డూ తిరిగి పాత కోడ్ మీద కొత్తది అంటించుకుంటూ పోయాం. బస్టాండు గోడ మీద ఉన్నవాటిని మాత్రం అలాగే వదిలేసి, కింద స్కెచ్ పెన్నుతో సార్ నంబరు రాశాం.